రూటర్‌లో దేశం మారితే ఛానెళ్లు ఎందుకు మాయమవుతాయి?

వైఫై రూటర్ సెట్టింగుల్లో వైర్‌లెస్ పేజీ తెరిస్తే Country అనో Region అనో ఒక గడి ఉంటుంది. కొన్ని రూటర్లలో దాన్ని మార్చుకోవచ్చు. కొన్నింటిలో అది బూడిదరంగులో బిగుసుకుపోయి ఉంటుంది. ఇంకొన్నింటిలో కనిపించనే కనిపించదు, ఫ్యాక్టరీలోనే దేశం ఖాయం చేసి పంపిస్తారు. చూడటానికి అది భాషనో గడియారాన్నో సరిచేసుకునే గడిలా ఉంటుంది కాబట్టి చాలామంది దాన్ని పట్టించుకోరు. నిజానికి రూటర్‌లోని రేడియో ఎలా నడవాలో తేల్చేది ఆ గడే. ఏ ఫ్రీక్వెన్సీల మీద ప్రసారం చేయవచ్చు, ఒక్కోదాని మీద ఎంత పవర్ వాడవచ్చు, ప్రసారం మొదలుపెట్టే ముందు ఏమైనా సరిచూసుకోవాలా అనే మూడు విషయాలను ప్రతి దేశానికీ విడివిడిగా రాసిన పట్టిక రూటర్ ఫర్మ్‌వేర్‌లో ఉంటుంది. దేశం పేరు ఎంచుకోవడమంటే ఆ పట్టికల్లో ఒకదాన్ని ఎంచుకోవడమే. ఎంచుకున్న పట్టికలో లేని ఛానెల్ ఆ రూటర్‌కు ఇక లేనట్టే.

ఇలాంటి పట్టికే ఫోన్‌లోనూ ల్యాప్‌టాప్‌లోనూ ఉంటుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు, చిక్కులన్నీ మొదలయ్యేది మాత్రం ఇక్కడే. రూటర్ పట్టిక ఒక దేశానిది, ల్యాప్‌టాప్ పట్టిక మరో దేశానిది అయినప్పుడు రెండింటిలోనూ ఉన్న ఛానెళ్ల మీదే అవి మాట్లాడుకోగలవు. రూటర్ గనక ల్యాప్‌టాప్ పట్టికలో లేని ఛానెల్ మీద కూర్చుంటే, ఆ నెట్‌వర్క్ పేరు ల్యాప్‌టాప్ తెర మీదకు రాదు. సిగ్నల్ బలహీనంగా ఉందని చూపదు, పాస్‌వర్డ్ తప్పని చెప్పదు. అసలు అక్కడ నెట్‌వర్క్ ఉన్న జాడే తెలియదు.

ఇది ఎలా జరుగుతుందో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో చూడటం తేలిక. వైఫైకి వదిలిన ఈ బ్యాండ్ 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ వరకు ఉంటుంది. దీన్ని 5 మెగాహెర్ట్జ్ ఎడంతో ఛానెళ్లుగా విడగొట్టారు. ఒకటో ఛానెల్ నడిమి ఫ్రీక్వెన్సీ 2412, రెండోది 2417, అలా పోతే పదకొండోది 2462, పదమూడోది 2472 మెగాహెర్ట్జ్. భారతదేశంలోనూ యూరప్‌లోనూ 1 నుంచి 13 దాకా ఛానెళ్లు వాడతారు. అమెరికాలో అమ్మే రూటర్లు, ల్యాప్‌టాప్‌లు మామూలుగా 11తో ఆగిపోతాయి. జపాన్‌లో మాత్రం వీటికి పైన 2484 మెగాహెర్ట్జ్ దగ్గర పద్నాలుగో ఛానెల్ కూడా ఉంది, అదీ పాత 802.11బి పద్ధతికే.

బ్యాండ్ అన్నిచోట్లా ఒకటే అయినప్పుడు అమెరికా 11 దగ్గర ఎందుకు ఆగింది? ఒక వైఫై ఛానెల్ దాదాపు 20 మెగాహెర్ట్జ్ వెడల్పున ప్రసారం చేస్తుంది. నడిమి ఫ్రీక్వెన్సీకి అటు పది, ఇటు పది. పదమూడో ఛానెల్ పై అంచు 2482 దగ్గరకు వస్తుంది. బ్యాండ్ ముగిసే 2483.5కు అక్కడినుంచి మిగిలింది ఒకటిన్నర మెగాహెర్ట్జే. ఏ రేడియో ప్రసారమూ అంచు దగ్గర కత్తిరించినట్టు ఆగదు, కొంత పక్కకు జారుతుంది. ఆ పక్కన ఉన్నది శాటిలైట్ ఫోన్ల సిగ్నళ్లు నేలకు దిగే బ్యాండ్. 2483.5 నుంచి 2500 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న ఆ భాగంలోకి మామూలు పరికరాల ప్రసారం జారకూడదని అమెరికా కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ చాలా కఠినమైన పరిమితి పెట్టింది. నిజానికి 12, 13 ఛానెళ్లను అక్కడ పూర్తిగా నిషేధించలేదు. పవర్ బాగా తగ్గించుకుంటే వాడవచ్చు. కానీ అంత తగ్గించి వాడే ఛానెల్ వల్ల కొనేవాళ్లకు ఒరిగేది లేదని తయారీదార్లు వాటిని పట్టికలోంచే తీసేశారు. కాబట్టి అమెరికా ల్యాప్‌టాప్‌లో పదమూడో ఛానెల్ లేకపోవడం ఆ వైఫై కార్డు చేతగానితనం కాదు. అదే చిప్ మరో దేశానికి పోయే ల్యాప్‌టాప్‌లో ఉంటే పదమూడో ఛానెల్‌ను చక్కగా అందుకుంటుంది.

ఇప్పుడు ఒక ఇంటిని తీసుకుందాం. విజయవాడలో ఒక అపార్ట్‌మెంట్, ఇంటర్నెట్ కంపెనీ పెట్టిన రూటర్, అందులో ఛానెల్ ‘Auto’ మీద ఉంది. అమెరికాలో ఉద్యోగం చేసే అమ్మాయి సెలవుల్లో వస్తూ అక్కడ కొన్న ల్యాప్‌టాప్ తెచ్చింది. మొదటి రెండు రోజులు వైఫై బాగానే పనిచేసింది. మూడో రోజు రాత్రి కరెంటు పోయి వచ్చాక ల్యాప్‌టాప్‌లో ఇంటి వైఫై పేరు కనిపించడం మానేసింది. పక్క ఫ్లాట్ల పేర్లన్నీ కనిపిస్తున్నాయి. అదే గదిలో అమ్మ ఫోన్, నాన్న ఫోన్ ఇంటి వైఫై మీదే నడుస్తున్నాయి. ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేసినా ఫలితం లేదు. ల్యాప్‌టాప్ పాడైందనే అందరూ అనుకుంటారు.

జరిగింది ఇది. కరెంటు వచ్చి రూటర్ మళ్లీ ఆన్ అయినప్పుడు చుట్టూ ఏ ఛానెల్ ఖాళీగా ఉందో వెతుక్కుంది. అపార్ట్‌మెంట్‌లో రూటర్లన్నీ 1, 6, 11 మీద కిక్కిరిసి ఉంటాయి కాబట్టి దానికి 13 ఖాళీగా తోచింది. భారత పట్టిక ప్రకారం 13 వాడవచ్చు కాబట్టి అక్కడ కూర్చుంది. ఫోన్లకు ఇబ్బంది రాలేదు. వాటిలో సిమ్ ఉంది. తాను ఏ దేశపు మొబైల్ నెట్‌వర్క్ మీద ఉన్నదీ టవర్ పంపే కోడ్‌ను బట్టి ఫోన్‌కు తెలుస్తుంది. భారతదేశానికి ఆ కోడ్ 404, 405లతో మొదలవుతుంది. దాన్ని చూసుకుని ఫోన్ తన వైఫైకి భారత పట్టికను వేసుకుంటుంది. ల్యాప్‌టాప్‌కు సిమ్ లేదు. ఫ్యాక్టరీలో వేసిన అమెరికా పట్టికే దానికి దిక్కు. అందులో 12, 13 మూసేసి ఉన్నాయి. ఆ రెండు ఛానెళ్ల వైపు ల్యాప్‌టాప్ చెవి కూడా పెట్టదు. రూటర్ సెకనుకు పదిసార్లు తన పేరు చాటుతూనే ఉన్నా, వినని చోట చాటితే పేరు ఎలా కనిపిస్తుంది? నివారణ ఒక నిమిషం పని. ఫోన్‌లోంచి రూటర్ పేజీ తెరిచి, 2.4 గిగాహెర్ట్జ్ ఛానెల్‌ను ‘Auto’ నుంచి తీసి 1, 6, 11లలో ఒకటి పెట్టి సేవ్ చేస్తే ల్యాప్‌టాప్‌లో పేరు వెంటనే ప్రత్యక్షమవుతుంది.

అన్ని ల్యాప్‌టాప్‌లూ ఇంత మొండిగా ఉండవని కూడా చెప్పాలి. 2001లో వచ్చిన 802.11డి అనే ప్రమాణం ఈ చిక్కు కోసమే ఒక దారి చూపింది. రూటర్ తన పేరు చాటే చిన్న సందేశంలోనే దేశం కోడ్‌ను, ఆ దేశంలో వాడదగ్గ ఛానెళ్లను, వాటి పవర్ పరిమితులను కూడా చేర్చి పంపుతుంది. కొన్ని వైఫై కార్డులు 12, 13 ఛానెళ్ల మీద తమంతట తాము ఒక్క మాట కూడా పలకవు గానీ మౌనంగా వింటాయి. అక్కడ ఏదైనా రూటర్ వినిపిస్తే, ‘ఈ దేశంలో ఇది వాడవచ్చు’ అని తెలుసుకుని అప్పుడు కలుస్తాయి. ఇలా వినడానికే పరిమితమయ్యే ఛానెళ్లలో పేరు కనిపించడానికి కొంచెం ఎక్కువసేపు పడుతుంది. కార్డు తనే అడిగి జవాబు రాబట్టే బదులు ఒక్కో ఛానెల్ దగ్గరా ఆగి, రూటర్ పలికేదాకా వేచి ఉండాలి కదా. ఇంట్లో రూటర్ పేరు ఒకసారి కనిపించి, ఒకసారి కనిపించకుండా ఉంటే దీన్ని కూడా అనుమానించవచ్చు.

ఈ పద్ధతికి ఒక లోపం ఉంది. రూటర్ చెప్పిన దేశమే తప్పైతే, దాన్ని నమ్మిన పరికరాలన్నీ తప్పుతాయి. యాపిల్ మ్యాక్ కంప్యూటర్లు చుట్టూ వినిపించే రూటర్ల దేశం కోడ్‌ను చూసి తమ పట్టికను మార్చుకుంటాయి. పక్క ఫ్లాట్‌లో ఎవరైనా మరో దేశం కోడ్‌తో రూటర్ నడుపుతుంటే, సొంత రూటర్ సరిగ్గా ఉన్నా మ్యాక్ తికమక పడవచ్చు. Option మీట నొక్కి పట్టుకుని వైఫై బొమ్మ మీద క్లిక్ చేస్తే Country Code అనే వరుస కనిపిస్తుంది. అక్కడ IN కాకుండా ఇంకేదైనా ఉంటే కారణం ఇంటి బయట ఉందని తెలుసుకోవచ్చు.

దేశం పట్టికలో ఛానెళ్ల తర్వాత ఉండేది పవర్. ఇది కొంచెం నిదానంగా అర్థం చేసుకోవలసిన విషయం. వైఫై పవర్‌ను డీబీఎం అనే కొలతలో రాస్తారు. 20 డీబీఎం అంటే 100 మిల్లీవాట్లు, 30 డీబీఎం అంటే ఒక వాట్. ప్రతి 3 పెరిగినప్పుడు పవర్ రెట్టింపవుతుంది, ప్రతి 10కి పదింతలవుతుంది. చట్టం పెట్టే పరిమితి చాలాచోట్ల రూటర్ లోపలి చిప్‌కు కాదు, యాంటెనా నుంచి ఒక దిక్కుకు బయటికి వెళ్లే మొత్తానికి. యాంటెనా కొత్తగా శక్తిని పుట్టించదు గానీ ఉన్న శక్తిని కొన్ని దిక్కులకు పోగుచేస్తుంది. అందుకే చిప్ పవర్‌కు యాంటెనా బలాన్ని కూడాలి. చిప్ 20 డీబీఎం ఇస్తే, యాంటెనా బలం 5 అయితే, బయటికి వెళ్లేది 25.

యూరప్‌లో 2.4 బ్యాండ్‌కు బయటికి వెళ్లే మొత్తం 20 డీబీఎం దాటకూడదు. అంటే ఇదే యాంటెనా ఉన్న రూటర్ యూరప్ పట్టిక మీద ఉంటే చిప్‌ను 15 డీబీఎంకు, అంటే సుమారు 32 మిల్లీవాట్లకు తగ్గించుకోవాలి. భారతదేశంలో నిబంధన ఇంతకంటే చాలా ఉదారం. మన దగ్గర 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం కాలం నుంచీ లైసెన్సు లేకుండా రేడియో ప్రసార పరికరం ఉంచుకోవడమే నేరం. ఇంటింటా వైఫై పెట్టుకోగలగడం కేంద్ర టెలికాం శాఖ ఇచ్చిన మినహాయింపు వల్ల. 2005 జనవరిలో వచ్చిన నోటిఫికేషన్ 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ వరకు లైసెన్సు అక్కర్లేదని చెప్పింది. అందుకు పెట్టిన హద్దు ట్రాన్స్‌మిటర్ పవర్ ఒక వాట్, యాంటెనాతో కలిపి 4 వాట్లు. 4 వాట్లంటే 36 డీబీఎం. ఆ హద్దు దాటిన రోజున మినహాయింపు వర్తించదు.

ఇక్కడ ఒక అపోహను సరిదిద్దాలి. రూటర్‌లో దేశం మార్చి పవర్ పెంచుకుంటే వెనక గదిలోకి సిగ్నల్ వస్తుందని చాలామంది నమ్ముతారు. భారత పట్టికే 2.4 బ్యాండ్‌లో లోకంలోని ఉదారమైన పట్టికల్లో ఒకటి. మామూలు ఇంటి రూటర్ చిప్ ఆ హద్దు దాకా వెళ్లనే లేదు. పట్టికలో పెద్ద అంకె రాసినంత మాత్రాన చిప్ అంత ఇవ్వలేదు. ఒకవేళ ఫర్మ్‌వేర్‌ను తిప్పలు పెట్టి చిప్‌ను దాని సామర్థ్యం దాటించినా సిగ్నల్ వక్రీకరణ చెంది, ఎక్కువ వేగంతో డేటా పంపే పద్ధతులు పనిచేయడం మానేస్తాయి. గీతలు నిండుగా కనిపిస్తాయి, స్పీడ్ మాత్రం పడిపోతుంది. పైగా వైఫై ఒకవైపు మాట్లాడే ప్రసారం కాదు. వెనక గదిలోని ఫోన్ రూటర్ మాట విన్నాక ‘అందింది’ అని జవాబు చెప్పాలి. ఫోన్ యాంటెనా చిన్నది, బ్యాటరీ కాపాడుకోవాలి కాబట్టి దాని పవర్ రూటర్ కంటే తక్కువ. రూటర్ ఎంత గట్టిగా అరిచినా ఫోన్ జవాబు తిరిగి రూటర్‌ను చేరకపోతే ఫలితం ఉండదు. వెనక గది సమస్యకు సరైన మందు అక్కడికి ఒక కేబుల్ లాగి ఇంకో యాక్సెస్ పాయింట్ పెట్టడమే.

దేశం మార్చుకునే ఈ సౌకర్యం మీద ఒక పెద్ద కంపెనీ జరిమానా కట్టిన ఉదాహరణ కూడా ఉంది. టీపీ-లింక్ అమెరికాలో అమ్మిన కొన్ని రూటర్లలో వినియోగదారు దేశం కోడ్ మార్చుకునే వీలుండేది. అలా మారిస్తే 2.4 బ్యాండ్‌లో కొన్ని ఛానెళ్ల మీద అమెరికా అనుమతించిన దానికంటే ఎక్కువ పవర్ వెళ్లేది. 2016 ఆగస్టులో ఆ సంస్థ ఎఫ్‌సీసీతో రాజీకి వచ్చి 2 లక్షల డాలర్లు చెల్లించింది. అమెరికాకు అమ్మే రూటర్లలో ఇప్పుడు దేశం గడి బిగించి ఉండటానికి కారణం ఈ ధోరణే. కొనే చోటును బట్టి ఒక మోడల్‌కే రెండు రకాల ఫర్మ్‌వేర్ ఉంటుంది, పెట్టె మీద US అని రాసి ఉన్నదాంట్లో జాబితా తెరుచుకోదు.

5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కు వస్తే పట్టికల మధ్య తేడాలు ఇంకా పెద్దవి. ఇక్కడ ఛానెల్ అంకెను 5తో గుణించి 5000 కలిపితే నడిమి ఫ్రీక్వెన్సీ వస్తుంది. 36 అంటే 5180, 149 అంటే 5745 మెగాహెర్ట్జ్. భారతదేశం 2005లో ఈ బ్యాండ్‌లో రెండు ముక్కలను మాత్రమే ఇంటిలోపల వాడుకోవడానికి 200 మిల్లీవాట్ల హద్దుతో వదిలింది. ఒకటి 5150 నుంచి 5350 దాకా, రెండోది 5725 నుంచి 5875 దాకా. అంటే 36 నుంచి 64 వరకు ఉన్న ఛానెళ్లు, ఆపైన 149 నుంచి ఉన్నవి. నడుమ ఖాళీ. 2018 అక్టోబరులో వచ్చిన నోటిఫికేషన్ 5470 నుంచి 5725 వరకు ఉన్న భాగాన్ని కూడా కలిపింది. 100 నుంచి 144 వరకు ఛానెళ్లు మనకు అప్పుడు దక్కాయి. అంతకుముందు 350 మెగాహెర్ట్జ్ ఉన్నది 605 అయింది.

చట్టం మారినంత మాత్రాన అప్పటికే ఇళ్లలో ఉన్న రూటర్లు మారవు. పట్టిక ఫర్మ్‌వేర్‌లో రాసి ఉంటుంది. 2018కి ముందు కొని, ఫర్మ్‌వేర్ ఎన్నడూ అప్‌డేట్ చేయని రూటర్‌లో India అని ఎంచుకుంటే 100 నుంచి 144 వరకు ఛానెళ్లు నేటికీ కనిపించవు. గడిలో దేశం సరిగ్గానే ఉంది, పట్టికే పాతబడింది. ఇలాంటప్పుడు దేశం పేరు మార్చి చూడటం తప్పుదారి. తయారీదారు సైట్‌లో కొత్త ఫర్మ్‌వేర్ ఉందేమో చూడటం సరైన దారి.

ఛానెళ్లు కనిపించకపోవడానికి 5 గిగాహెర్ట్జ్‌లో ఇంకో కారణం రాడార్లు. 52 నుంచి 144 వరకు ఛానెళ్లున్న భాగాన్ని వాతావరణ, సైనిక రాడార్లు వైఫై కంటే ముందునుంచే వాడుకుంటున్నాయి. 2003లో జెనీవాలో జరిగిన ప్రపంచ రేడియో సదస్సు ఈ భాగాన్ని వైఫైకి పంచుతూ, రాడార్ వినిపిస్తే వైఫై తప్పుకోవాలనే షరతు పెట్టింది. దాన్ని డీఎఫ్‌ఎస్ అంటారు. చాలా దేశాల పట్టికల్లో ఈ ఛానెళ్ల పక్కన ఆ గుర్తు ఉంటుంది. ఆ ఛానెల్ ఎంచుకుంటే రూటర్ 60 సెకన్లు మౌనంగా విని, రాడార్ లేదని తేల్చుకున్నాకే పేరు చాటుతుంది. యూరప్‌లో వాతావరణ రాడార్లు వాడే 120, 124, 128 ఛానెళ్ల మీద ఆ మౌనం 10 నిమిషాలు. నడుస్తుండగా రాడార్ వినిపిస్తే 10 సెకన్లలో ఛానెల్ ఖాళీ చేసి, అరగంట దాకా మళ్లీ అటు రాకూడదు. రూటర్ ఆన్ చేశాక 5 గిగాహెర్ట్జ్ పేరు నిమిషం ఆలస్యంగా కనిపిస్తే అది లోపం కాదు, ఈ విధి నెరవేరుస్తోందని అర్థం.

ఈ విధిని పక్కనపెడితే ఏమవుతుందో ప్యూర్టోరికోలోని సాన్ హువాన్‌లో 2009లో బయటపడింది. విమానాశ్రయం దగ్గర గాలివానల్ని, నేలకు దగ్గరగా అకస్మాత్తుగా విరుచుకుపడే గాలుల్ని పసిగట్టి విమానాలను హెచ్చరించే రాడార్ 5600 నుంచి 5650 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తుంది. బయట ఎత్తుల మీద బిగించిన వైర్‌లెస్ లింకులు కొన్ని రాడార్‌ను వినకుండానే ఆ ఛానెళ్ల మీద ప్రసారం చేశాయి. రాడార్ తెర మీద కేంద్రం నుంచి అంచు వరకు పొడవాటి చారలు పడి, ఆ దిక్కులో వాన ఉందో లేదో తెలియకుండా పోయింది. ఆ తర్వాత ఎఫ్‌సీసీ అలాంటి లింకులు నడిపే సంస్థల మీద వరుసగా చర్యలు తీసుకుంది. మచిలీపట్నం, విశాఖపట్నంలలో తుపానులను కనిపెట్టే డాప్లర్ రాడార్లు ఎస్-బ్యాండ్‌వి, 5 గిగాహెర్ట్జ్‌కు చాలా కింద ఉంటాయి. కాబట్టి వాటికి వైఫైతో ఈ పేచీ లేదు. కానీ ఢిల్లీ, జైపూర్‌లవి సీ-బ్యాండ్ రాడార్లు. అవి ఉండేది 5 గిగాహెర్ట్జ్ పరిసరాల్లోనే.

రూటర్‌కు దేశం చెప్పకపోతే ఏమవుతుంది? లైనక్స్ మీద నడిచే రూటర్లు, కంప్యూటర్లు అప్పుడు 00 అనే ఒక ఉమ్మడి పట్టిక వేసుకుంటాయి. ఏ దేశంలో వాడినా తప్పు కానంత సంకుచితంగా దాన్ని రాశారు. 2.4లో 1 నుంచి 11 వరకు మామూలుగా పనిచేస్తాయి. 12, 13 వినడానికి మాత్రమే. 5 గిగాహెర్ట్జ్ మొత్తం వినడానికి మాత్రమే. అంటే అలాంటి పరికరం ఇతరుల 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్‌లో చేరగలదు గానీ తానే రూటర్‌గా 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్ మొదలుపెట్టలేదు. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ ఇంకో అడుగు ముందుకేసి, దేశం చెప్పేదాకా వైఫైనే ఆపి ఉంచుతుంది. లైనక్స్ టెర్మినల్‌లో ఈ రెండు కమాండ్లు ఇస్తే ఏ పట్టిక నడుస్తోందో, ఏ ఛానెల్ పరిస్థితి ఏమిటో తేలిపోతుంది:

```
iw reg get
iw list
```

మొదటిది దేశం కోడ్ చూపుతుంది. రెండోదాంట్లో ఛానెళ్ల జాబితా ఇలాంటి వరుసల్లో వస్తుంది:

```
* 2462 MHz [11] (20.0 dBm)
* 2467 MHz [12] (disabled)
* 5180 MHz [36] (20.0 dBm) (no IR)
```

disabled అంటే ఆ ఛానెల్ వైపు వినడం కూడా లేదు. no IR అంటే విను గానీ ముందుగా పలకవద్దు. radar detection అని ఉంటే అది డీఎఫ్‌ఎస్ ఛానెల్. ఒక్కోసారి దేశం IN అని పెట్టాక కూడా 12, 13 మూసే ఉంటాయి. వైఫై కార్డులోని చిప్‌లో ఫ్యాక్టరీవాళ్లు వేరే దేశాన్ని చెరగకుండా రాసి ఉంటే, సాఫ్ట్‌వేర్ ఆ రెండు పట్టికలనూ పోల్చి రెండింటిలోనూ ఉన్నవాటినే ఉంచుతుంది. అప్పుడు దేశం కోడ్ చోట 98 అనే వింత అంకె కనిపించవచ్చు. అంటే నడుస్తున్నది ఏ దేశపు పట్టికా కాదు, కలిపి వడకట్టిన పట్టిక. దేశం మార్చడం వల్ల ఛానెళ్లు తగ్గగలవు గానీ కార్డు ఒప్పుకోనివి పెరగవు. ఓపెన్‌వర్ట్ ఫర్మ్‌వేర్ వేసుకున్న రూటర్లలో దేశాన్ని /etc/config/wireless ఫైల్‌లో ప్రతి రేడియో కింద ఇలా రాస్తారు:

```
option country 'IN'
option channel '36'
```

2.4కు ఒకటి, 5కు ఒకటి ఉండే ఈ రెండు రేడియోల్లోనూ దేశం ఒకటే రాయాలి. ఒకదాంట్లో US, ఇంకోదాంట్లో IN ఉంటే 5 గిగాహెర్ట్జ్ రేడియో అర్థంకాని కారణాలతో మొరాయిస్తుంది.

విదేశాల నుంచి రూటర్‌నే తెచ్చుకునేవాళ్లు కూడా తెలుగు కుటుంబాల్లో తక్కువేం కాదు. అమెరికాలో కొన్న రూటర్‌ను ఇక్కడ పెట్టుకుంటే 2.4లో 11 దాకా, 5లో 36 నుంచి 165 దాకా ఛానెళ్లు వస్తాయి. అవన్నీ భారత బ్యాండ్ల లోపలివే కాబట్టి ఛానెళ్ల పరంగా ఆ రెండు బ్యాండ్లలో ఇబ్బంది లేదు. ఇబ్బంది 6 గిగాహెర్ట్జ్‌లో. అమెరికా 2020లో 5925 నుంచి 7125 వరకు మొత్తం 1200 మెగాహెర్ట్జ్‌ను వైఫైకి వదిలింది. యూరప్ మరుసటి ఏడాది 5945 నుంచి 6425 వరకే వదిలింది. భారతదేశం 2025 మేలో ప్రకటించిన ముసాయిదా కూడా 5925 నుంచి 6425 వరకు ఉన్న కింది భాగానికే. పట్టిక మార్చుకోనివ్వని అమెరికా రూటర్ 6 గిగాహెర్ట్జ్ రేడియో ఇక్కడ అనుమతి లేని పై భాగంలోకి ‘Auto’ మీద తనంతట తానే వెళ్లగలదు. అలా వెళ్లిన రోజున ఇక్కడ కొన్న ఫోన్లు దాన్ని చూడలేవు. సిమ్ ద్వారా భారత పట్టిక వేసుకున్న ఫోన్‌కు ఆ ఛానెళ్లు లేవు. ఆ రేడియోను రూటర్ పేజీలో ఆపేసి, 2.4, 5 మాత్రమే నడపడం మంచిది. యూరప్, జపాన్ పరికరాలతో చిక్కు ఇంకోచోట వస్తుంది. మన దేశంలో రూటర్లు ఇష్టంగా ఎంచుకునే 149వ ఛానెల్ జపాన్ పట్టికలో లేదు, యూరప్‌లో ఆ భాగానికి 25 మిల్లీవాట్ల హద్దు ఉంది. టోక్యో నుంచి తెచ్చిన ల్యాప్‌టాప్‌కు హైదరాబాద్‌లో 5 గిగాహెర్ట్జ్ పేరు కనిపించకపోతే రూటర్‌ను 149 నుంచి 36కు మార్చి చూడాలి.

పేరు కనిపించని పరికరం చేతిలో ఉన్నప్పుడు కారణం ఛానెలేనా అని తేల్చుకోవడానికి వరుస ఒకటుంది. మొదట రూటర్ పేజీలో Status దగ్గర ఇప్పుడు నడుస్తున్న ఛానెల్ అంకె చూడాలి. ‘Auto’ అని పెట్టిన చోట కాదు, నిజంగా కూర్చున్న ఛానెల్ చూపే చోట. ఆ తర్వాత విండోస్ ల్యాప్‌టాప్‌లో ఈ కమాండ్ ఇవ్వాలి:

```
netsh wlan show networks mode=bssid
```

చుట్టుపక్కల రూటర్లన్నీ, ఒక్కోటి ఏ ఛానెల్ మీద ఉందో జాబితా వస్తుంది. జాబితాలో 1 నుంచి 11 దాకా రకరకాల అంకెలు ఉండి, 12, 13 ఒక్కటి కూడా లేకపోతే, అదే సమయంలో సొంత రూటర్ 13 మీద ఉంటే, అనుమానం బలపడినట్టే. రూటర్‌ను 6 మీదకు మార్చి రెండు నిమిషాలు ఆగి అదే కమాండ్ మళ్లీ ఇవ్వాలి. పేరు వస్తే సమస్య పట్టికదే. రాకపోతే దేశం గడిని వదిలేసి, రూటర్‌లో నెట్‌వర్క్ పేరు దాచిపెట్టే సెట్టింగ్ ఆన్‌లో ఉందేమో, భద్రతా పద్ధతి ల్యాప్‌టాప్ ఎరగని కొత్తదేమో వెతకాలి.